బైపోలార్ తిరగబెట్టే ముందు ఇంట్లో కనపడే గుర్తులు, వాటిని గొడవ లేకుండా చెప్పే పద్ధతి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. తమ్ముడికి 26 ఏళ్లు, బైపోలార్ అని తెలిసి మూడేళ్లయింది. రెండుసార్లు మేనియా వచ్చి అడ్మిట్ చేశాము. ఇప్పుడు బాగున్నాడు, లిథియం వాడుతున్నాడు. కానీ వాడు కాస్త గట్టిగా నవ్వినా అమ్మకు టెన్షన్. "మాత్ర వేసుకున్నావా" అని రోజుకు పదిసార్లు అడుగుతుంది, వాడు కంచం తోసేసి లేచిపోతాడు. మళ్లీ వచ్చే ముందు ఎలా కనుక్కోవాలి? గొడవ కాకుండా వాడికి ఎలా చెప్పాలి?

జవాబు:

నేను తిరుపతిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, చాలా ఏళ్లుగా ఇలాంటి కుటుంబాలతోనే పని. మీవి రెండు ప్రశ్నల్లా కనపడుతున్నాయి గానీ ఇంట్లో అవి రెండూ ఒకటే. గుర్తులు ఇంట్లో ఎవరో ఒకరికి ముందే కనపడతాయి. కనపడినదాన్ని చెప్పే తీరుకు ఆ మనిషికి ఒళ్లు మండుతుంది, అక్కడి నుంచి దాచడం మొదలవుతుంది. నిద్ర పట్టకపోయినా దుప్పటి ముసుగేసి కదలకుండా పడుకుంటాడు, ఫోన్ మేడ మీదికి తీసుకుపోయి మాట్లాడతాడు, డబ్బు ఎక్కడ ఖర్చయిందో చెప్పడు. అప్పుడు మీకు కనపడే గుర్తులు కూడా పోతాయి. అందుకే గుర్తుల జాబితా, దాన్ని ఎవరు ఏ మాటల్లో చెప్పాలి అన్నది, రెండూ ఒకే కూర్చోవడంలో, వాడు బాగున్నప్పుడు, వాడి చేతనే రాయించాలి. మీ తమ్ముడు ఇప్పుడు బాగున్నాడంటున్నారు, కాబట్టి ఇదే సరైన సమయం.

ఈ పద్ధతి ఎంతవరకు పని చేస్తుందో కూడా చెప్తాను. 1999లో ఇంగ్లండ్‌లో ఒక పరిశోధన చేశారు. బైపోలార్ ఉన్నవాళ్లకు తమ తొలి గుర్తులు గుర్తుపట్టి వెంటనే వైద్యం తీసుకోవడం నేర్పించారు. అలా నేర్చుకున్నవాళ్లకు మళ్లీ మేనియా, అంటే హుషారు అదుపు తప్పే దశ, రావడం బాగా ఆలస్యమైంది. కానీ డిప్రెషన్ విషయంలో ఆ తేడా రాలేదు. దీని సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే డిప్రెషన్‌కు వేరే రకంగా చూడాలి. మాత్రలు మానేసి దీని మీద ఆధారపడదామంటే మాత్రం కుదరదు, మందు నడుస్తుండగా దాని పక్కన చేసే పని ఇది.

ముందు జాబితా ఎలా తయారవుతుందో ఒక ఇంటి విషయంలో చూడండి. వివరాలు కొన్ని మార్చాను. తిరుపతి పక్కన ఒకాయన, 34 ఏళ్లు, పెళ్లిళ్లకు, జాతరలకు లైటింగ్ పెట్టే పని. ఇంట్లో భార్య, అమ్మ, అన్న. మూడుసార్లు మేనియా వచ్చింది. "పోయినసారి ఎలా మొదలైంది?" అని అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు, అందరికీ గుర్తుండేది ఆసుపత్రికి తీసుకొచ్చిన రోజే. కాబట్టి ఒక తేదీ పట్టుకుని వెనక్కి నడవాలి. గంగమ్మ జాతర ఎప్పుడైంది, దానికి ముందు వారం ఏ పని మీద ఉన్నాడు, ఏ రాత్రి ఇంటికి రాలేదు, ఎవరి పెళ్లి, అలా. అడిగేకొద్దీ తేలింది ఏమిటంటే మూడింట్లో రెండుసార్లు వరసగా రాత్రి పనులు పడిన వారంలోనే మొదలైంది. నిద్ర తగ్గడం మేనియాకు గుర్తూ అవుతుంది, కారణమూ అవుతుంది. అందుకే ఈ జబ్బులో నిద్రకు అంత ప్రాధాన్యం.

తర్వాత నలుగురినీ విడివిడిగా రాయమన్నాను. కలిసి రాస్తే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే కాగితం మీదికి వస్తుంది. అన్న రాసింది: "డబ్బు తగలేస్తాడు, అందరితో కొట్లాట పెట్టుకుంటాడు." అమ్మ రాయించింది: "భక్తి ఎక్కువైపోతుంది." భార్య రాసింది: "తెల్లవారుజామున మూడు గంటలకే లేచి సీరియల్ బల్బులు ముందేసుకుని రంగు రంగుగా విడదీస్తా కూర్చుంటాడు. పగలు కూడా నిద్ర రాదు." ఆయన రాసుకున్నది ఎవరికీ తెలియనిది: "తలలో పాట ఆగదు. ఎవరైనా నిదానంగా మాట్లాడితే తట్టుకోలేను, వాళ్ల మాట నేనే పూర్తి చేసేస్తాను." ఇలాంటి లోపలి గుర్తు ఇంట్లోవాళ్లకు బయటి నుంచి తెలియదు, ఆయనే చెప్పాలి. అందుకే ఆ మనిషి లేకుండా తయారు చేసిన జాబితా సగమే.

ఇప్పుడు వడపోత. అన్న రాసినవి తీసేశాం. అవి అబద్ధమని కాదు, అవి కనపడేసరికి వీధిలో అందరికీ తెలిసిపోతుంది, అప్పటికి ఆలస్యం. మనకు కావలసింది ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసే మార్పు. అమ్మ చెప్పిన భక్తి దగ్గర కాసేపు ఆగాం. తిరుపతిలో ఉంటూ భక్తి ఎక్కువైతే జబ్బు అంటే ఎలా? ఆయన ప్రతి శనివారం అలిపిరి దాకా పోయి దండం పెట్టుకుని వస్తాడు, అది ఆయన మామూలు. మేనియా వచ్చే ముందు మాత్రం వారం మధ్యలో, రాత్రి పది దాటాక, ఎవరికీ చెప్పకుండా మెట్లెక్కడానికి బయలుదేరేవాడు, అదీ వరసగా. కాబట్టి అమ్మ మాట "వారం మధ్యలో రాత్రి పది తర్వాత చెప్పకుండా అలిపిరికి పోవడం" అని మారింది. ఎవరి మామూలుతో వాళ్లనే పోల్చాలి, పక్కింటివాళ్లతో కాదు. ఎక్కువ మాట్లాడతాడు, హుషారుగా ఉంటాడు అని రాస్తే ఆ మాటలు దేనికైనా అతుకుతాయి, వాటి మీదే గొడవలు వస్తాయి. టైము, రోజు, చేసిన పని ఉండేలా రాస్తే వాదించడానికి ఏమీ ఉండదు.

చివరికి నాలుగు మిగిలాయి. వరసగా రెండు రాత్రులు ఐదు గంటలకన్నా తక్కువ నిద్రపోయి, అయినా మర్నాడు అలసట లేకపోవడం. చెప్పకుండా రాత్రి అలిపిరికి పోవడం. రాత్రి 11 దాటాక పాత స్నేహితులకు వరసగా ఫోన్లు. నాలుగోది ఆయన చెప్పిన తలలో పాట. వీటిలో నిద్ర ఒక్కటి, దానికి తోడు ఇంకొకటి ఏదైనా కనపడితే మాట్లాడాలి, అంతకు ముందు ఎవరూ నోరెత్తకూడదు అని ఒప్పుకున్నారు. "అలసట లేకపోవడం" అన్నది బాగా గుర్తుపెట్టుకోండి. పెళ్లి పని మీద రాత్రంతా మేల్కొని మర్నాడు మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా పడుకుంటే అది మామూలు మనిషి అలసట. మూడు గంటలు పడుకుని, పగలంతా తిరిగి, ఇంకా పని కావాలంటే అది వేరు.

ఈ "అంతకు ముందు ఎవరూ నోరెత్తకూడదు" అనే సగం చాలా ఇళ్లలో జారిపోతుంది. మీ తమ్ముడు గట్టిగా నవ్వితే అమ్మ భయపడుతుందన్నారు. రెండుసార్లు ఆసుపత్రి చూసిన తల్లికి ఆ భయం సహజం, ఆమెను తప్పు పట్టడానికేమీ లేదు. కానీ నవ్వితే జబ్బు, విసుక్కుంటే జబ్బు, కొత్త చొక్కా కొనుక్కుంటే జబ్బు అయితే ఆ అబ్బాయికి మామూలుగా బతికే చోటే లేదు. జాబితాలో లేని కోపం కోపమే, జాబితాలో లేని సంతోషం సంతోషమే అని అమ్మ ముందు, తమ్ముడి ముందు గట్టిగా చెప్పండి, కాగితం మీద కూడా రాయండి. వాడు ఆ కాగితానికి ఒప్పుకునేది ఎక్కువగా ఈ ఒక్క వాక్యం వల్లే.

ఇంట్లో విమర్శ, నిందలు ఎక్కువగా ఉంటే జబ్బు త్వరగా తిరగబెడుతుందని 1980ల నుంచే బైపోలార్‌లో పరిశోధనలు చెబుతున్నాయి. ఇందులో రెండు వైపులా దారి ఉంది, జబ్బు వల్ల ఇంట్లో మాటలు చెడతాయి, చెడిన మాటల వల్ల జబ్బు పెరుగుతుంది. అమెరికాలో మిక్లోవిట్జ్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు దీనికోసం ఒక పూర్తి పద్ధతి తయారు చేశారు, తొమ్మిది నెలల్లో 21 సిట్టింగులు: మొదట జబ్బు గురించి తెలుసుకోవడం, తర్వాత మాట్లాడే తీరు, చివరికి ఇంటి సమస్యలు తీర్చుకోవడం. పలమనేరు నుంచి, పుంగనూరు నుంచి బస్సెక్కి ఎవరూ అన్నిసార్లు రాలేరు. అందుకే నేను దానిలో రెండు విషయాలే పట్టుకుంటాను, జాబితా ఒకటి, మాట ఒకటి.

మాట సంగతి ఆ లైటింగ్ ఆయన ఇంట్లోనే చూడండి. కాగితం రాసుకున్న తర్వాతి పెళ్లిళ్ల సీజన్‌లో వరసగా రెండు రాత్రులు పని పడింది. ఆ తర్వాత రెండు రోజులు పని లేకపోయినా మూడేసి గంటలే పడుకుని, మూడింటికే లేచి బల్బులు విడదీస్తున్నాడు, అలసట కూడా లేదు. ముందు రాత్రి 12 దాకా ఫోన్లు. అంటే రెండు గుర్తులు. పాత రోజుల్లో అయితే భార్య నోట "మళ్లీ మొదలైందా నీకు, నా ఖర్మ" అనే మాట వచ్చేది. అది వినగానే ఆయన చెవులు మూసుకుపోతాయి, ఎందుకంటే ఆ మాటలో చూసింది ఏమీ లేదు, తీర్పు ఒక్కటే ఉంది. ఈసారి ఆమె పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, కాగితం రాసినప్పుడే నేర్చుకున్న మూడు మాటలు చెప్పింది: "నిన్నా, ఈరోజూ మూడింటికే లేచినావు, రాత్రి పన్నెండు దాకా ఫోన్లో ఉండావు. నాకు కొంచెం భయంగా ఉంది. మనం రాసుకున్నట్టు పొద్దున డాక్టర్‌కు ఫోన్ చేద్దాం."

చూసింది, నాకు ఎలా ఉందో, నేను అడిగేది. అంతే. "నువ్వు ఎప్పుడూ ఇంతే" లేదు, పోయినసారి పోగొట్టిన డబ్బు లేదు, ఎదురింటివాళ్ల పరువు లేదు. ఆయన "నాకేం కాలే, నువ్వు పోయి పడుకో" అన్నాడు. ఆమె పోయి పడుకుంది. ఇదే చాలామంది చేయలేని పని. ఒకసారి చెప్పాక ఇద్దరి మధ్యా మాటకు మాట మూడుసార్లు మించి పెరుగుతోందంటే ఆపేయాలి, నాలుగోసారి ఎవరు గెలిచినా ఆ రాత్రికి నిద్ర పోతుంది, మనకు కావలసింది ఆ నిద్రే. పొద్దున ఆయన బావమరిది వచ్చాడు. కాగితంలో రెండో మనిషిగా ఆయన పేరు రాసుకున్నది తనే, "వాడు చెబితే నాకు కోపం రాదు" అని. అన్న పేరు రాసుకోలేదు, అన్న కూడా దానికి నొచ్చుకోలేదు. బావమరిది కూర్చుని అదే మాట అడిగాడు, డాక్టర్‌కు ఫోన్ కలిపాడు. డాక్టర్ రాత్రి మాత్ర మార్చారు, లిథియం పరీక్ష చేయించమన్నారు. రాత్రి పనులు అన్న చూసుకున్నాడు. పది రోజుల్లోపు నిద్ర దారికొచ్చింది, అడ్మిషన్ అవసరం రాలేదు. ప్రతిసారీ ఇలాగే అవుతుందని నేను చెప్పను, కొన్నిసార్లు అన్నీ సరిగ్గా చేసినా మేనియా వచ్చేస్తుంది. అప్పుడు కూడా ఆసుపత్రికి రావడం పోలీసులు, తాళ్లు లేకుండా జరుగుతుంది.

ఆ పది రోజుల్లో ఇంకో గొడవ తప్పిపోయింది. చెన్నై పోయి అప్పు మీద కొత్త లైటింగ్ సెట్లు తేవాలని ఆయనకు గట్టిగా అనిపించింది. ఆ ఆలోచన మంచిదా చెడ్డదా అని ఇంట్లో ఎవరూ వాదించలేదు. పెద్ద ఖర్చు ఏదైనా 48 గంటలు ఆగి, ఇద్దరిని అడిగి చేయాలని ముందే రాసుకున్నారు, ఆ వాక్యం చూపించారు. హుషారు పెరిగిన మనిషితో ఆలోచన మీద వాదిస్తే ఆయనే గెలుస్తాడు, మీకన్నా వేగంగా ఆలోచిస్తున్నాడు కాబట్టి. ఆయనే సంతకం పెట్టిన నియమం మీద ఆగడం కాస్త సులువు. మీ తమ్ముడి ఫోన్‌పే పరిమితి, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలి అన్నవి కూడా ఇప్పుడే, వాడే చెప్పగా రాసుకోండి.

గుర్తులు కనపడినప్పుడు డాక్టర్‌కు ఫోన్ చేసేముందు ఇంట్లో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ మధ్య మాత్ర ఎన్నిసార్లు తప్పింది? వేరే డాక్టర్ దగ్గర డిప్రెషన్ మాత్రగానీ స్టెరాయిడ్‌గానీ కొత్తగా మొదలుపెట్టారా? ఈ రెండూ కొందరిలో మేనియాను లేపుతాయి. మీ అంతట మీరు మాత్ర రెట్టింపు చేయకండి, లిథియం విషయంలో అయితే అసలే వద్దు. రక్తంలో దాని మోతాదు సాధారణంగా 0.6 నుంచి 0.8 మధ్య, కొందరికి 1.0 దాకా ఉంచుతారు. అంతకు మించి పోయేకొద్దీ విషమయ్యే ప్రమాదం పెరుగుతుంది. పరీక్షకు రక్తం ఇచ్చేది చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. మన ఎండల్లో చెమట పట్టి ఒళ్లు ఎండిపోయినా, వాంతులు విరేచనాలైనా, నీళ్లు కూడా తాగకుండా ఒక్కపొద్దు ఉన్నా, ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని వేసుకున్నా అది పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనపడితే అది మేనియా గుర్తు కాదు, తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక అమ్మ, మాత్ర. రోజుకు పదిసార్లు అడిగితే ఒక్కసారి అడిగినంత ఫలితం కూడా ఉండదు, వాడికి అది "నిన్ను నమ్మను" అని వినపడుతుంది. ఏడు గదులున్న మాత్రల డబ్బా మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఆదివారం వాడే నింపాలి. టీవీ పక్కనో, వంటింటి గూట్లోనో అందరికీ కనపడేచోట పెట్టండి. రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మ ఒక్కసారి చూస్తుంది. గది ఖాళీగా ఉంటే ఏమీ అనదు. మాత్ర ఉంటే "నాయనా, ఈ రోజుది డబ్బాలోనే ఉంది" అని ఒకే మాట, ప్రశ్న కాదు, అన్నం తినేటప్పుడు కాదు, చుట్టాల ముందు అసలే కాదు. వరసగా రెండు రోజులు మిగిలితే ఆ సంగతి చూడాల్సింది అమ్మ కాదు, కాగితంలో వాడు రాసుకున్న మనిషి. అమ్మకు ఇది మొదటి వారం చాలా కష్టంగా ఉంటుంది, నోటిదాకా వచ్చిన మాట మింగుకోవాలి. ఆమెకు వాడితో మాట్లాడటానికి వేరే విషయం కావాలి. ఉత్త పొగడ్త కాదు, వాడు చేసిన పని పేరు పెట్టి చెప్పడం: "టమోటా తోటలో డ్రిప్పు బాగా చేసినావే, చివరి సాళ్లకు కూడా నీళ్లు అందుతా ఉండాయి." నెలల తరబడి మాత్రల గురించి తప్ప వేరే మాట వినని కొడుకు ఇలాంటివి రెండు మూడు విన్నాక, రాత్రి అమ్మ చెప్పే ఆ ఒక్క మాటకు కంచం తొయ్యడు.

డిప్రెషన్ సంగతి. మేనియా కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో ఎక్కుతుంది, మొదలైన చోటు కనపడుతుంది. డిప్రెషన్ నెమ్మదిగా దిగుతుంది, ఏ రోజు మొదలైందో ఎవరూ చెప్పలేరు, బద్ధకం అనుకుంటారు. అందుకే దీనికి విడిగా ఇంకో కాగితం, రెండు రోజులు కాదు, రెండు వారాలు చూడండి. గడ్డం గీసుకోకపోవడం, తోటలోకి పోకపోవడం, స్నేహితుల ఫోన్ ఎత్తకపోవడం, ఇలాంటి మానేసిన పనులే దీని గుర్తులు. ఇక్కడ మాట కూడా మారుతుంది. "లేచి పని చెయ్, అన్నీ అవే పోతాయి" అంటే వాడికి ఇంకో నింద చేరినట్టే. "నేను తోట దాకా పోతున్నా, పది నిమిషాలు తోడు రా" అనేంత చిన్నగా అడగండి.

చావు మాట వాడి నోట ఏ రూపంలో వచ్చినా, నేను లేకపోతే మీకు బాగుంటుంది అన్నా సరే, జాబితాలూ రెండు వారాలూ పక్కన పెట్టండి. సూటిగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో నుంచి, పశువుల కొట్టం నుంచి కూడా తీసేయండి, లిథియం నెల మొత్తం వాడి దగ్గర ఉంచకండి. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. డాక్టర్ దొరకని వేళ టెలీమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, ఏ టైములోనైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

అలాగే మేనియా పూర్తిగా ఎక్కేసి రెండు మూడు రాత్రులు అసలు నిద్ర లేకపోయినా, లేనివి వినపడినా, కొట్టడానికి వచ్చినా, బండి తీసుకుని బయలుదేరినా, ఈ మూడు వాక్యాల పద్ధతి ఇక పని చేయదు, దాని కోసం ఇంకో రాత్రి పోగొట్టుకోకండి. బండి తాళాలు తీసి పెట్టండి, చుట్టూ మంది చేరకుండా చూడండి, వాడు నమ్మే ఒక్కరు మాత్రమే మాట్లాడుతూ ఆసుపత్రికి తీసుకుపోండి. ఏ ఆసుపత్రికి, ఎవరి బండిలో, వెంట ఎవరు అన్నది కూడా వాడు బాగున్నప్పుడు వాడినే అడిగి రాసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తనకు ఎలాంటి వైద్యం కావాలో ముందే రాసి పెట్టుకునే హక్కు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని పెట్టుకునే హక్కు వాడికి ఉన్నాయి. ఈసారి చెకప్‌కు పోయినప్పుడు రెండు కాగితాలూ తీసుకుపోయి డాక్టర్‌కు చూపించి, గుర్తులు కనపడిన రోజు ఏ మాత్ర ఎంత మార్చాలో ఆయన చేతనే కింద రాయించుకోండి. రాత్రిపూట ఫోన్ దొరకకపోయినా మీ దగ్గర ఆయన రాత ఉంటుంది.